౧౪౩ తర్వాత తెల్ల మచ్చ

మా మాస్టారికి కావలసింది ఒకే ఒక్క అంకె. ఏడు. అది ఫొటోలో లేదు.

ఫొటో 2011 నాటిది. స్కూలు పిల్లల్ని టూరుకి తీసుకెళ్ళినప్పుడు ఎవరో టీచరు చిన్న డిజిటల్ కెమెరాతో తీశారు. ఎనిమిది మంది పిల్లలు ఎండకి కళ్ళు చికిలించుకుంటూ వచ్చి, మ్యూజియం గదిలో ఓ బోర్డు ముందు వరసగా నిలబడ్డారు. ఫ్లాష్ వెలిగింది. ఆ వెలుగు పిల్లల తలల మీదుగా వెళ్ళి, బోర్డు మీదున్న గాజుపలకకి కొట్టుకుని, సరిగ్గా ఒక సంవత్సరం చివరి అంకె మీద తెల్లటి మచ్చలా పడింది. పిల్లల మొహాలు బాగా వచ్చాయి. ఫొటో తీసినాయనకి కావలసింది అవే కదా.

ఆ మ్యూజియం పేరు చెప్పను. కొండవీటికి మరీ దూరం కాదు, అంతవరకు చాలు. ముప్ఫై ఏళ్ళ కిందట ఆ బోర్డుకి తెలుగు పాఠం రాసిచ్చింది మా తెలుగు మాస్టారు. ఇంగ్లీషు పాఠం ఇంకెవరో రాశారు. రెండూ ఒకే పలక మీద, పైన తెలుగు, కింద ఇంగ్లీషు. తర్వాతెప్పుడో గది బాగుచేసి బోర్డు మార్చేశారు. కొత్త బోర్డు మీద తేదీ లేదు, ‘16వ శతాబ్దం’ అని ఉంది. పాతది ఎక్కడికి పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. మాస్టారి దగ్గరున్న చిత్తుప్రతి ఇల్లు మారినప్పుడు పోయింది. అంటే ఆ బోర్డు మీద ఏముండేదో చెప్పడానికి మిగిలిన సాక్ష్యం ఈ ఫొటో ఒక్కటే.

ఇప్పుడెందుకు ఈ గొడవ అంటే, ఊళ్ళో ఒక సావనీరు వేస్తున్నారు. స్థానిక చరిత్ర మీద ఒక వ్యాసంలో పాత బోర్డు ప్రస్తావన వచ్చింది. కొండవీడు కృష్ణదేవరాయలకి చిక్కింది 1515లో అయితే బోర్డు ఇంగ్లీషులో 1516 అని ఉండేదనీ, ఇంగ్లీషు పాఠం తెలుగు నుంచి చేసిందే కాబట్టి తెలుగులోనే శకం 1438 అని తప్పు పడి ఉంటుందనీ, వారం కూడా తప్పేననీ అందులో రాశారు. మాస్టారి పేరు లేదు. కానీ రాసిందెవరో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు.

మాస్టారికి ఇప్పుడు గ్లకోమా. ఫొటోలో మనుషులున్నారని తెలుస్తుంది, అంతే. “అమ్మాయ్, బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు ఎత్తిరాసి పంపించు. రెండు భాషలూ. అక్షరం పోకూడదు,” అన్నారు ఫోన్లో. నా ఉద్యోగం సబ్‌టైటిళ్ళు సరిచూడటం. రోజంతా ఒక భాషలో విన్నదీ ఇంకో భాషలో రాసిందీ పక్కపక్కన పెట్టుకుని అంకెలు తప్పిపోయాయేమో చూస్తూ ఉంటాను. కాబట్టి ఇది గంట పని అనుకున్నాను. నాలుగు రాత్రులు పట్టింది.

ముందు మంచి ఫొటో కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన బొమ్మ నలిగిపోయి వస్తుంది. మొహాలకి అది చాలు, వత్తులకీ గుడులకీ చాలదు. అసలు ఫైలుని డాక్యుమెంటుగా పంపించమని ఆ టీచరుగారిని రెండుసార్లు అడిగాను. వచ్చిన ఫైలు పదిరెట్లు పెద్దది. దాన్లో బోర్డు భాగం మాత్రం కత్తిరించి, ఒకసారి రంగులు తిరగేసి, ఒకసారి నలుపు పెంచి, మూడు బొమ్మలు చేసుకున్నాను. తిరగేసిన బొమ్మలో కొన్ని అక్షరాలు తేలతాయి. మచ్చ ఉన్నచోట మాత్రం ఏమీ తేలదు. వెలుగు మరీ ఎక్కువై కాలిపోయిన చోట కెమెరా దగ్గర సమాచారమే ఉండదు, ఎంత నలుపు పెంచినా బూడిదరంగు గోడ వస్తుందంతే.

ఇంగ్లీషు భాగాన్ని ఒక తెల్ల పెట్టెతో కప్పేసి తెలుగు మొదలుపెట్టాను. ఇది నాకు ఉద్యోగంలో వచ్చిన అలవాటు. రెండు భాషల పాఠం ముందుంటే కన్ను ఒకదాన్ని చదివి రెండోదాంట్లో దాన్నే చూస్తుంది. కింద 1516 అని స్పష్టంగా చదివేశాక, పైన మసగ్గా ఉన్నది మీకు ఎనిమిదిలాగే కనిపిస్తుంది. ఆ వ్యాసం రాసినాయనకి జరిగింది కూడా అదేనేమో.

తెలుగు పాఠం ఇలా ఉంది. నిలువు గీత ఉన్నచోట బోర్డు మీద పంక్తి మారింది:

కొండవీటి విజయము | శ్రీకృష్ణదేవరాయల సేనలు సాళువ తిమ్మరుసు | నాయకత్వమున కొండవీటి దుర్గమును శా.శ. ౧౪౩[–] | యువ సం. ఆషాఢ శుద్ధ హరివాసరము, శనివారము | నాడు జయించినవి. ప్రతాపరుద్ర గజపతి కుమారుడు | వీరభద్రుడు బందీ అయ్యెను.

ఇంతే. ఆరు పంక్తులు. కుడి మూల చిన్న అక్షరాల్లో నమోదు సంఖ్య ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

మొదటి చిక్కు ‘శా.శ.’ దగ్గర వచ్చింది. శా.శ. అంటే శాలివాహన శకం. ఈ మధ్య క్రీ.శ. బదులు సామాన్య శకం అని రాస్తున్నారు, దాని పొట్టిరూపం సా.శ. రెండింటికీ తేడా ఒక్క అక్షరం, 78 ఏళ్ళు. కళ్ళు అలిసినప్పుడు శా, సా పక్కపక్కన చూస్తే మసక ఫొటోలో రెండూ ఒకటే. కీబోర్డు కూడా తనకి అలవాటైనది ముందుకి తోస్తుంది. శా.శ. ౧౪౩౭ని ఎవరైనా సా.శ. 1437 అని ఎత్తిరాస్తే, కృష్ణదేవరాయలు పుట్టకముందే కొండవీడు గెలిచినట్టు అవుతుంది. అక్షరం పెద్దది చేసి పైభాగం చూశాను. అదే బోర్డు మీద ‘సాళువ’లో సా ఉంది, ‘శనివారము’లో శ ఉంది. అదే పెయింటరు చేతి వాటం. రెండింటి పక్కనా పెట్టి చూస్తే ఇది శా అని తేలిపోయింది. మసక అక్షరాన్ని మన తలలో ఉన్న అక్షరంతో పోల్చకూడదు, అదే బోర్డు మీద తేటగా ఉన్న దానితో పోల్చాలి.

రెండోది అంకెలు. మాస్టారు పట్టుబట్టి తెలుగు అంకెలు వేయించారు. వాటిని 143 అని మార్చి రాయొచ్చా? చదివేవాళ్ళకి సులువు. కానీ బోర్డు మీద లేనిది రాసినట్టవుతుంది. పైగా ఎక్కడైనా అనుమానం వస్తే, ఆ అనుమానం ఏ ఆకారం వల్ల వచ్చిందో కూడా పోతుంది. తెలుగులో ౨కీ ౩కీ మధ్య అనుమానం వస్తుంది. 2కీ 3కీ మధ్య రాదు. అందుకని తెలుగు అంకెలు అలాగే ఉంచాను. ఇక్కడ టైపింగులో ఒక దొంగ ఉన్నాడు. తెలుగు సున్న అంకె, అంటే ౦, మాటల్లో వచ్చే పూర్ణానుస్వారం ం, రెండూ కంటికి ఒకటే. కంప్యూటరుకి మాత్రం వేరువేరు. నమోదు సంఖ్యలో ఒక సున్న ఉంది. దాన్ని అనుస్వారంతో కొట్టేస్తే చూడటానికి తేడా ఏమీ ఉండదు, కానీ రేపు ఎవరైనా ఆ సంఖ్యని వెతికితే దొరకదు. అక్షరం మీద కర్సరు పెట్టి డిలీట్ నొక్కి చూస్తే తెలుస్తుంది. అనుస్వారమైతే ముందున్న అంకెకి అతుక్కుని ఉంటుంది, సున్న అయితే విడిగా నిలబడుతుంది.

ఇక మచ్చ.

౧, ౪, ౩. ఆ తర్వాత తెలుపు. మచ్చ అంచున గీత ముక్కైనా కనిపిస్తుందేమోనని తెర మీద బియ్యపుగింజంత చోటుని అరచేయంత చేసి చూశాను. లేదు. ఫోన్ చేసి చెప్పాను.

“ఏడు,” అన్నారు మాస్టారు.

“కనపడటం లేదండీ.”

“నేనే రాశానమ్మా. నాకు తెలీదా? ఏడు పెట్టు.”

“మీరు రాసింది ఏడే మాస్టారూ, నేను కాదనను. కానీ నేను ఎత్తిరాస్తోంది మీ కాగితం కాదు, ఈ ఫొటో.”

కాసేపు ఏం మాట్లాడలేదు. “నువ్వు కూడా వాళ్ళలాగే మాట్లాడుతున్నావ్,” అని పెట్టేశారు.

నిజానికి శాసనాలు చదివేవాళ్ళకి ఇలాంటి చోట ఒక పద్ధతి ఉంది. 1931లో లైడెన్‌లో పండితులు కూర్చుని గుర్తులు ఖరారు చేసుకున్నారు. రాయి విరిగి అక్షరం పోయినచోట, మిగతా ఆధారాల బలంతో పూరించినదాన్ని చదరపు కుండలీకరణంలో పెడతారు. దాని ప్రకారం ౧౪౩[౭] అని రాయొచ్చు, తప్పు లేదు. ఆ కుండలీకరణమే చెబుతుంది, ఇది కన్ను చూసింది కాదు, బుద్ధి పెట్టింది అని. నేను అదీ చెయ్యలేదు. తగువంతా ఆ అంకె మీదే. పైగా పూరించిన అంకె నాలుగుసార్లు ఫార్వర్డ్ అయ్యేసరికి కుండలీకరణం రాలిపోతుంది, ఏడు మిగులుతుంది. అప్పుడు ‘మాస్టారి శిష్యురాలు ఏడు చేర్చింది’ అనే మాట ఎవరైనా అనొచ్చు, అంటే నా దగ్గర జవాబుండదు. అందుకని పాఠంలో ఖాళీగా ఉంచి, ఏడు ఎందుకు అయ్యుండాలో కింద విడిగా రాశాను.

ఆ ఎందుకు అన్నది బోర్డు మీదే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. ‘యువ సం.’

ప్రభవ, విభవ మొదలు అక్షయ దాకా అరవై పేర్లు, అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి. మచ్చ కింద పది అంకెల్లో ఏదైనా ఉండొచ్చు, ౧౪౩౦ నుంచి ౧౪౩౯ వరకు. ఆ పదేళ్ళలో యువ ఒక్కసారే వస్తుంది. ఎప్పుడు? మనకి గుర్తున్న యువ నుంచి వెనక్కి వెళ్తే చాలు. ఆ మధ్య యువ నామ సంవత్సరం 1995 ఉగాదికి మొదలైంది. 1995లోంచి ఎనిమిది అరవైలు, అంటే 480 తీసేస్తే 1515. ఉగాది తర్వాతి నెలలకి శాలివాహన శకం కావాలంటే 78 తీసెయ్యాలి. 1437. అదీ లెక్క. శకం 1438 అయితే ఏడాది పేరు ధాత కావాలి. బోర్డు మీద యువ అన్న రెండక్షరాలు మచ్చకి దూరంగా, తర్వాతి పంక్తి మొదట్లో, ఫొటో మొత్తంలో అన్నిటికంటే తేటగా ఉన్నాయి.

మన పాతకాలపువాళ్ళు తేదీని ఇన్ని రకాలుగా ఎందుకు రాసేవారో నాకు ఆ రాత్రి అర్థమైంది. శక సంవత్సరం, ఏడాది పేరు, మాసం, పక్షం, తిథి, వారం. నాకు ఇదంతా చిన్నప్పటినుంచీ అలంకారంలా అనిపించేది, పెళ్ళి శుభలేఖ మీద నెమలి బొమ్మలాగ. కాదు. ఒకటి చెరిగితే ఇంకొకటి పట్టిస్తుంది. రాయి మీద చెక్కేవాడి చెయ్యి జారినా, అయిదొందల ఏళ్ళ తర్వాత ఎవరో ఫ్లాష్ కొట్టినా.

దీనికీ ఒక హద్దుంది, అది కూడా రాశాను. యువ అని ఉన్నంత మాత్రాన పెయింటరు ఎనిమిది వెయ్యలేదని రుజువు కాదు. మాస్టారు సరిగ్గా రాసిచ్చినా బోర్డు రాసేవాడు అంకె తప్పు వేసి ఉండొచ్చు. ఫొటో చెప్పగలిగింది ఇంతే: రాసినాయనకి ఏ ఏడాదో తెలుసు, పేరు సరిగ్గా రాశారు, ఆ పేరుతో పొసిగే అంకె ఏడు ఒక్కటే. అక్కడ ఎనిమిది ఉండేదనడానికి ఈ ఫొటోలో ఆధారం ఏమీ లేదు.

మర్నాడు తెలుగుని కప్పేసి ఇంగ్లీషు తెరిచాను. దాన్లో మచ్చ లేదు. ‘శనివారం, 23 జూన్, 1516 ఏ.డి.’ అని ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది. నాలుగంకెలూ నలుపు పెంచిన బొమ్మలోనూ తిరగేసిన బొమ్మలోనూ ఒకటే.

తప్పని తెలుసు. మంగళగిరి శాసనంలో ఈ తిథి ఉంది, చరిత్రకారులు దాన్ని 1515 జూన్ 23 శనివారంగా లెక్కగట్టారు. అయినా 1516 అనే కొట్టాను. ఎత్తిరాసేటప్పుడు దిద్దడం మొదలుపెడితే, ఏది బోర్డు మాటో ఏది నా మాటో చదివేవాడికి తెలియకుండా పోతుంది. మూలంలో ఇలాగే ఉంది అని చెప్పడానికి ఇంగ్లీషువాళ్ళు సిక్ అనే లాటిన్ మాట వాడతారు. తెలుగులో దానికి ఒక్క ముక్కలో మాట లేదు, ‘యథామూలం’ అని పెట్టాను. మాస్టారు నేర్పిన మాటే.

అయితే 1516 తప్పని బోర్డే చెప్పగలదా? చెప్పగలదు, వారం ఉంది కదా. ఇక్కడే ఆ వ్యాసం రెండో ఆరోపణ కూడా. “ఫోన్ క్యాలెండరులో చూశాం, 1515 జూన్ 23 బుధవారం. కాబట్టి శనివారం అన్నదీ తప్పే” అన్నది వాళ్ళ వాదన. నేనూ ఫోన్లో చూశాను. బుధవారమే చూపించింది.

ఫోన్ అబద్ధం చెప్పలేదు, అది వేరే క్యాలెండరు చెప్పింది. మనం ఇప్పుడు వాడే గ్రెగోరియన్ క్యాలెండరు 1582 అక్టోబరులో మొదలైంది. అప్పటిదాకా ఉన్న జూలియన్ క్యాలెండరు ఋతువుల నుంచి పక్కకి జరిగిపోయిందని పోప్ గ్రెగరీ పది రోజులు తీసేయించాడు. 1582 అక్టోబరు 4 గురువారం, దాని మర్నాడు అక్టోబరు 15 శుక్రవారం. తేదీ గెంతింది, వారం గెంతలేదు. 1582కి ముందు తేదీల్ని చరిత్ర పుస్తకాలు జూలియన్ లెక్కలోనే రాస్తాయి. చాలా ఫోన్లూ కంప్యూటర్లూ మాత్రం కొత్త క్యాలెండరుని అది పుట్టకముందు కాలానికి కూడా వెనక్కి సాగదీస్తాయి. 1515కి పది రోజుల తేడా. పది రోజులంటే వారం మీద మూడు. శనివారం కాస్తా బుధవారం అవుతుంది.

చేత్తో లెక్కేస్తే తేలిపోతుంది. 1582 అక్టోబరు 4 గురువారం అని తెలుసు. జూన్ 23 నుంచి అక్టోబరు 4కి 103 రోజులు. ఏడుతో భాగిస్తే అయిదు మిగులుతుంది. గురువారం నుంచి అయిదు వెనక్కి వెళ్తే శనివారం. అంటే 1582 జూన్ 23 శనివారం. ఇక 1515 నుంచి 1582కి 67 ఏళ్ళు. ఏడాదికి ఒక వారం చొప్పున ముందుకి జరుగుతుంది, లీపు ఏడాదైతే ఇంకొకటి. మధ్యలో లీపు ఏళ్ళు 17. 67, 17 కలిపితే 84, అంటే పన్నెండు ఏళ్ళు. శేషం లేదు. 1515 జూన్ 23 కూడా శనివారమే. అదే లెక్క 1516కి కడితే 66, 16 కలిపి 82, శేషం అయిదు, సోమవారం వస్తుంది. అంటే ఇంగ్లీషు బోర్డు తనని తానే కాదంటోంది. శనివారం నిజమైతే 1516 కాదు, 1516 నిజమైతే శనివారం కాదు.

తెలుగు పాఠంలో వారం తేటగా ఉంది, శనివారము. ఆయన రాసింది సరే.

పేర్ల దగ్గర ఇంత నాటకం లేదు గానీ చెయ్యి ఊరుకోనిది అక్కడే. ఇంగ్లీషు శీర్షికలో కొండవీడుని Kondavidu అని రాశారు, మూడో పంక్తిలో Kondaveedu అని. ఒకే పలక మీద రెండు వర్ణక్రమాలు. సబ్‌టైటిళ్ళలో అయితే ఒకటి చేసేస్తాను, అందుకే నాకు జీతమిచ్చేది. ఇక్కడ రెండూ ఉంచాను. తెలుగులో ‘తిమ్మరుసు’ అని ఉంటే ఇంగ్లీషులో Timma అని మాత్రమే ఉంది. దాన్ని సాగదియ్యలేదు, దీన్ని కుదించలేదు. ఇంటిపేరు ఇంగ్లీషులో Saluva. అందులోంచి ‘ళ’ తెలియదు. రేపు ఎవరైనా ఇంగ్లీషు పాఠం మాత్రమే చూసి తెలుగు చేస్తే ‘సాలువ’ అవుతుంది, ఇంకోచోట ‘శాలువా’ కూడా అవుతుంది. తెలుగు నుంచి ఇంగ్లీషుకి వెళ్ళేటప్పుడు పోయిన అక్షరాలు తిరిగొచ్చేటప్పుడు దొరకవు. రెండు భాషల్నీ విడివిడిగా ఎత్తిరాయమని మాస్టారు అడగడంలో అర్థం అదే అనుకుంటాను. ఇంకో సంగతి. ఆ వ్యాసం అన్నట్టు ఇంగ్లీషు పాఠం తెలుగు నుంచే చేసింది అనడం కూడా కష్టం. తెలుగులో లేని ‘23 జూన్’ దాన్లో ఉంది. తెలుగులో ఉన్న యువ, ఆషాఢం, హరివాసరం దాన్లో లేవు. ఆ తేదీ ఎవరో పుస్తకంలోంచి తీసుకున్నారు, తీసుకునేటప్పుడు అంకె జారింది. ఇది నా ఊహ, దీన్ని ఫైల్లో రాయలేదు. తెలుగులో ఏది ఉంది, ఇంగ్లీషులో ఏది లేదు అన్నది మాత్రం రాశాను.

హరివాసరం గురించి రెండు మాటలు. వాడుకలో హరివాసరం అంటే ఏకాదశి. నేను కూడా ‘ఏకాదశి’ అని ఒక వివరణ పెడదామనుకున్నాను, చదివేవాళ్ళకి తెలుస్తుందని. కానీ పంచాంగ వ్యవహారంలో ద్వాదశి మొదటి పాదానికి కూడా హరివాసరం అనే పేరుంది. శాసనం రాసినవాళ్ళు ఆ మాట ఎంచుకున్నారు, మాస్టారు దాన్ని మార్చకుండా బోర్డు మీదికి తెచ్చారు. మధ్యలో నేను ఎవర్ని? అలాగే వదిలేశాను.

అంతా అయ్యాక సరిచూడటం. చదివి సరిచూస్తే లాభం లేదు, అర్థం మనల్ని లాక్కుపోతుంది. ఇంకొకరు ఉండాలి. మా రూమ్మేటుది కన్నడ, తెలుగు మాట్లాడుతుంది గానీ కూడబలుక్కుని చదువుతుంది. ఆ పిల్లే సరైన మనిషి. బొమ్మ చూస్తూ ఒక్కొక్క అక్షరమే పైకి చదివింది, నేను నా ఫైలు మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. అంకెలు ‘పద్నాలుగు వందల’ అని కాకుండా ‘ఒకటి, నాలుగు, మూడు, ఖాళీ’ అని. తర్వాత వెనక నుంచి ముందుకి ఇంకోసారి. తనకి కొండవీడు తెలీదు, 1515 తెలీదు, మాస్టారు తెలీదు. అందువల్ల లేనిది చూడలేదు.

ఫైలు పంపించాను. మూడు భాగాలు: తెలుగు పాఠం, ఇంగ్లీషు పాఠం, కింద నా గమనికలు వేరే రంగులో. రెండు రోజులు ఫోన్ రాలేదు. మూడో రోజు పొద్దున్నే చేశారు. వాళ్ళబ్బాయి చేత చదివించుకున్నారట.

“ఖాళీ అట్టాగే పెట్టావన్నమాట.”

“అవునండీ.”

“యువ ఉందిగా.” కాసేపాగి, “నా బుర్రకి తట్టలేదు చూడు. అంకె పట్టుకునే వేళ్ళాడుతున్నా,” అన్నారు. గొంతులో కోపం పోలేదు గానీ కొంచెం నవ్వు ఉంది. తర్వాత వారం లెక్క మొత్తం నా చేత ఫోన్లో రెండుసార్లు చెప్పించుకున్నారు. 84 దగ్గరికి వచ్చేసరికి “పన్నెండేళ్ళు ఎనభై నాలుగు” అని ఎక్కం అప్పజెప్పినట్టు నాకంటే ముందే అనేశారు.

సావనీరువాళ్ళకి ఆయన ఉత్తరం రాయించారు, నా ఫైలు జతచేసి. ‘1437 అని బోర్డు మీద ఉంది’ అని రాయలేదు, ‘యువ అని బోర్డు మీద ఉంది, యువకి 1437’ అని రాశారు. వాళ్ళు వేస్తారో లేదో ఇంకా తెలీదు.

నమోదు సంఖ్య సంగతి మిగిలింది. కుడి మూల, తెలుగు అంకెల్లో. మొదటిది ౧. చివర సున్న. మధ్యలోది ౨ కావచ్చు, ౩ కావచ్చు. ఆ అంకె కింది సగానికి అడ్డంగా ఒక పిల్లాడి భుజం ఉంది. చొక్కా మీద స్కూలు బ్యాడ్జీ కూడా కనిపిస్తోంది. ఇంగ్లీషు భాగంలో ఆ సంఖ్య లేదు, యువలాగా పట్టించేది ఇంకోటీ లేదు. అందుకని ౧[౨/౩]౦ అని రెండూ పెట్టాను. పాత బోర్డు మ్యూజియం గోదాములో ఎక్కడైనా ఉంటే ఆ సంఖ్యతోనే వెతకాలి. రెండు సంఖ్యలతోనూ వెతకమని దరఖాస్తు పెట్టాం. ఈలోగా ఆ టూరుకి వెళ్ళిన ఎనిమిది మందిలో ఎవరి దగ్గరైనా ఇంకో ఫొటో ఉందేమోనని మాస్టారు వాళ్ళబ్బాయి చేత ఒక్కొక్కరికీ ఫోన్ చేయిస్తున్నారు. ఇప్పటికి ముగ్గురు దొరికారు.